లాక్-ఇన్ మధ్యలో ఇల్లు ఖాళీ చేయాల్సొస్తే: మా మాస్టారికి నేను చూపించిన లెక్క

మొన్న ఒక ఫ్రెండ్ ఫోన్ చేసి, మీరు విజయనగరంలో ఇల్లు మధ్యలో వదిలేసి వెళ్ళారు కదా, ఓనరు ఎలా ఒప్పుకున్నాడు, అడ్వాన్స్ మొత్తం పోయిందా అని అడిగాడు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పాను గానీ అది రెండు ముక్కల్లో అయ్యే విషయం కాదు, అందుకే రాస్తున్నాను. ఇందులో నేను హీరో కాదు, ఓనరు విలన్ కూడా కాదు, ముందే చెప్తున్నా.

మేం తోటపాలెం వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో జూన్ ఒకటో తారీఖున దిగాం. అద్దె 10,000, మెయింటెనెన్స్ 1,000, అడ్వాన్స్ మూడు నెలలది అంటే 30,000. ఓనరు రిటైర్డ్ హైస్కూల్ మాస్టారు, మనిషి మంచివాడే, అయితే అగ్రిమెంటు మాత్రం హైదరాబాద్‌లో ఉన్న వాళ్ళబ్బాయి ఎక్కడినుంచో తెచ్చిన నమూనా చూసి రాయించారు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద 11 నెలల అగ్రిమెంటు, అందులో లాక్-ఇన్ కూడా ఆ 11 నెలలే, అంటే ఏప్రిల్ ఆఖరు దాకా కదలకూడదు, కదిలితే మిగిలిన నెలల అద్దె మొత్తం కట్టి కదలాలి. సంతకం పెట్టేటప్పుడు నేను ఆ లైను చదివాను, చదివి కూడా మనం ఎక్కడికి పోతాం లే అని పెట్టేశాను. చదవలేదు అంటే అబద్ధం అవుతుంది.

అక్టోబర్‌లో పైడితల్లమ్మ సిరిమానుకి అమ్మ మా దగ్గరికి వచ్చింది. మాది కవిటి వైపు ఊరు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం. రైలు దిగినప్పుడే కాళ్ళు వాచి ఉన్నాయి, ప్రయాణం వల్ల అనుకుంది ఆవిడ, కానీ ఉద్దానంలో పుట్టినవాడికి కాళ్ళవాపు చూస్తే కడుపులో ఒకటే భయం, వెంటనే టెస్టులు చేయించాం, క్రియాటినిన్ ఎంతొచ్చిందో ఇక్కడ రాయను గానీ నవంబర్ మొదటి వారానికల్లా డయాలసిస్ మొదలుపెట్టాల్సి వచ్చింది. వారానికి మూడు సార్లు, సారికి నాలుగు గంటలు, సోంపేటలో. ఆవిడ ఊరు వదిలి రానంది. నాన్న లేరు, తమ్ముడు గల్ఫ్‌లో ఉన్నాడు. విజయనగరం నుంచి సోంపేటకి రైల్లో రెండున్నర మూడు గంటలు, వారానికి మూడు సార్లు వెళ్ళి రావడం అంటే ఉద్యోగం మానేసినట్టే. ఆఫీసులో కాళ్ళూ వేళ్ళూ పట్టుకుంటే పలాస బ్రాంచికి మార్చారు, డిసెంబర్ ఒకటి నుంచి. ఇదీ సంగతి. ఇంక మిగిలింది ఇల్లు.

ముందు మా బావమరిది ఇచ్చిన సలహా చెప్తాను, ఎందుకంటే చాలామంది చేసేది అదే. "బావా, నవంబర్ నుంచే అద్దె ఆపేయ్, అడ్వాన్సులో పట్టుకోమను, మూడు నెలలకి సరిపోద్ది, తాళాలు పడేసి వచ్చేయ్, ఏం చేస్తాడు?" నిజమే, 30,000 కోసమో 50,000 కోసమో మాస్టారు కోర్టుకి వెళ్ళరు. కానీ అద్దె ఆపిన రోజునుంచి మనం సాయం అడిగేవాళ్ళం కాము, బాకీదారులం అవుతాం. ఆ తర్వాత అమ్మకి డయాలసిస్ అని చెప్పినా ఆయన చెవికి అది సాకులాగే వినిపిస్తుంది. పైగా లెక్క కూడా తప్పే. క్లాజు ప్రకారం డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా అయిదు నెలలు, 50,000. నేను నవంబర్ అద్దె ఆపేసి వెళ్ళిపోతే ఆయన చేతిలో ఉన్న 30,000 లో ఒక నెల నవంబర్‌కే పోతుంది, పెయింటు డబ్బులు పోతాయి, ఇల్లు సంక్రాంతి దాకా ఖాళీగా ఉంటే ఆయనకి నిజంగానే నష్టం. అంటే మనం లాభపడ్డాం అనుకున్నదంతా ఆయన జేబులోంచి తీసిందే. ఏ పాపం చేశారని ఆయన?

రెండో సలహా ఆఫీసులో ఒకాయన ఇచ్చాడు. మెడికల్ ఎమర్జెన్సీ కదా, చట్టం ఒప్పుకుంటుంది, ఒక్క పైసా కట్టక్కర్లేదు అని. ఇది ఎంతమంది ఎంత నమ్మకంగా చెప్తారో! కాంట్రాక్టు చట్టం 1872 లో 56 వ సెక్షన్ ఉంది, చేయాల్సిన పని అసాధ్యం అయిపోతే కాంట్రాక్టు రద్దవుతుంది అని. దాన్నే ఎమర్జెన్సీకి అంటగడతారు. కానీ అద్దెకిచ్చిన ఆస్తికి, అంటే లీజుకి, ఆ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 1968 లోనే చెప్పింది. ఆ కేసు ఏంటో తెలిస్తే మన ఎమర్జెన్సీ ఎంత చిన్నదో అర్థమవుతుంది. 1947 లో పంజాబ్‌లో ఒకాయన పొలం కౌలుకి తీసుకుని డబ్బు ముందే కట్టాడు, ఇంతలో దేశ విభజన, ఆ పొలం ఉన్న ప్రాంతం పాకిస్తాన్‌లోకి పోయింది, ఆయన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇటు వచ్చేశాడు, నా కౌలు డబ్బు నాకివ్వండి అని అడిగితే కోర్టు ఇవ్వలేదు. దేశమే రెండు ముక్కలైతే రద్దవని కౌలు మా అమ్మ కిడ్నీలకి రద్దవుతుందా? అవ్వదు. ఇల్లు బాగానే ఉంది, ఉండటానికి పనికొస్తుంది, ఉండలేనిది మేమే. అది మా కష్టం, ఇంటి లోపం కాదు.

కాబట్టి నేను మాస్టారి దగ్గరికి హక్కుతో వెళ్ళడం లేదు అనేది ముందు నాకు నేను చెప్పుకున్నాను. అడగడానికే వెళ్తున్నాను.

అలా అని క్లాజులో రాసినట్టు 50,000 ఇచ్చేయడం న్యాయమా అంటే అదీ కాదు, నా అసలు వాదన ఇక్కడుంది. ఓనరు లాక్-ఇన్ ఎందుకు పెట్టుకుంటాడు? అద్దెకున్నవాడు మూణ్ణెల్లకోసారి మారిపోతుంటే ప్రతిసారీ ఇల్లు కొన్నాళ్ళు ఖాళీగా పడుంటుంది, బ్రోకరు, సున్నాలు, వచ్చినవాళ్ళందరికీ ఇల్లు చూపించడం, ఈ తలనొప్పి తప్పించుకోవడానికి. అంటే అది నష్టం రాకుండా కాపాడే కంచె, పంట కాదు. నేను నవంబర్ ఆఖరికి ఖాళీ చేసి, డిసెంబర్ పదికి ఇంకొకరు దిగితే, నా దగ్గర అయిదు నెలలదీ తీసుకుని వాళ్ళ దగ్గర కూడా తీసుకుంటే ఒకే ఇంటికి రెండు అద్దెలు వచ్చినట్టు. నేను ఏప్రిల్ దాకా బుద్ధిగా ఉండి ఉంటే ఆయనకి వచ్చేది ఒక్క అద్దే కదా.

ఇది నా సొంత తెలివి కాదు. అదే కాంట్రాక్టు చట్టం 74 వ సెక్షన్ చెప్పేది దాదాపు ఇదే, కాగితం మీద ఎంత పెనాల్టీ రాసుకున్నా, మాట తప్పినవాడి దగ్గర రాబట్టగలిగేది ఆ మొత్తాన్ని మించకుండా న్యాయమైన పరిహారమే అని. రాసుకున్న అంకె పైకప్పు లాంటిది, అంత ఎత్తూ ఇవ్వాలని కాదు. 1963 లో సుప్రీంకోర్టుకి వచ్చిన ఒక ఢిల్లీ బంగ్లా కేసులో అమ్మేవాడు 1,000 బయానాతో పాటు తర్వాత తీసుకున్న 24,000 కూడా ఉంచేసుకుంటానంటే, ఆ 24,000 ఉంచుకోవడం కుదరదంది. 73 వ సెక్షన్ కింద ఇంకో మాట ఉంది, నష్టం లెక్కేసేటప్పుడు ఆ నష్టాన్ని తగ్గించుకోడానికి చేతిలో ఏ దారులున్నాయో అవి కూడా చూడాలి అని. ఇంటి విషయంలో దానర్థం, ఇంటికి తాళం వేసి కూర్చుని ఏప్రిల్ దాకా అద్దె నువ్వే కట్టు అంటే కుదరదు, ఇంకొకరికి ఇవ్వడానికి ప్రయత్నం చేయాలి. షాపులూ ఆఫీసులూ అయితే కథ వేరు, అక్కడ ఓనరు ఆ ఒక్క కంపెనీ కోసం లక్షలు పెట్టి మార్పులు చేయించి ఉంటాడు, అలాంటి చోట లాక్-ఇన్ అద్దె మొత్తం ఇప్పించిన తీర్పులూ ఉన్నాయి. రెండు గదులూ వంటిల్లూ ఉన్న మా ఇంటికి అలాంటిదేం లేదు.

అయితే ఈ సెక్షన్లు నేను మాస్టారి ముందు ఒక్కటి కూడా ఎత్తలేదు. ఎత్తితే ఆయన వాళ్ళబ్బాయికి ఫోన్ చేస్తారు, అబ్బాయి లాయరుకి చేస్తాడు, అయిపోయింది. అవి నా తలలో ఉంచుకుని, ఎంత ఇస్తానంటే న్యాయంగా ఉంటుందో కాగితం మీద వేసుకున్నాను.

మొదటిసారి వేసిన లెక్క తప్పు. ఒక నెల అద్దె పెనాల్టీ, సగం నెల బ్రోకరు కమీషను, మొత్తం 15,000 అని వేసి, పర్లేదు ఉదారంగానే ఉన్నాను అనుకుని నవంబర్ పదో తారీఖు సాయంత్రం వెళ్ళాను. మాస్టారు అంతా విన్నారు, అమ్మగారు టీ ఇచ్చారు, మా అమ్మ గురించి చాలాసేపు అడిగారు. తర్వాత ఆయన నెమ్మదిగా అన్నారు.

"బాబూ, నువ్వు సెప్పింది బాగానే ఉంది, మరి నవంబర్ ఆఖరికి వెళ్తే డిసెంబర్ పదహారుకి నెలగంట పెడతారు కదా, ఆ తరవాత ఇంట్లోకి ఎవరొస్తారు? పుష్యం పోయి మాఘం రావాలి. ఒక నెల నువ్విస్తే ఇంకో నెల ఎవరిస్తారు నాకు?"

నా దగ్గర సమాధానం లేదు. నేను నా అవసరం కొద్దీ లెక్క వేశాను, ఆయన క్యాలెండరు చూడలేదు. మన వైపు ఇళ్ళు మారేది ఏప్రిల్, మే, బళ్ళు తెరిచే జూన్‌లోపు, తర్వాత ఆషాఢం వస్తే ఎవరూ కదలరు, శ్రావణంలో కొంత, కార్తీకంలో కొంత, నెలగంట పెట్టాక సంక్రాంతి అయ్యేదాకా, ఇంకా పట్టింపు ఉన్నవాళ్ళయితే మాఘమాసం వచ్చేదాకా గృహప్రవేశమే కాదు, అద్దింట్లో పాలు కూడా పొంగించరు. ఎవరైనా ఒక నెల పెనాల్టీ రెండు నెలల పెనాల్టీ అని గుండుగుత్తగా చెప్తే నేను ఒప్పుకోనిది ఇందుకే. మే నెలలో ఖాళీ చేస్తే ఒక నెల కూడా ఎక్కువే, వారంలో ఎవరో ఒకరు వస్తారు. డిసెంబర్ ఒకటిన ఖాళీ చేస్తే ఒక నెల చాలదు. ఓనరుకి వచ్చే నష్టం మన ఎమర్జెన్సీ ఎంత పెద్దదో దాన్నిబట్టి ఉండదు, అది ఏ నెలలో వచ్చిందో దాన్నిబట్టి ఉంటుంది.

ఆయనకి ఇంకో అనుమానం కూడా ఉంది, అది సూటిగా అనలేదు గానీ అర్థమైంది. అంతకుముందు ఉన్నాయన ఇంట్లో పరిస్థితి బాగాలేదు అని వెళ్ళి, రెండు వీధుల అవతల సొంతిల్లు కొనుక్కుని దిగాడట. అందుకని అడక్కుండానే డయాలసిస్ తారీఖులు వేసే కార్డు ఫోటో, పలాస ట్రాన్స్‌ఫర్ ఆర్డరు ఫోటో వాట్సాప్‌లో పంపించాను. రిపోర్టులన్నీ పంపించలేదు, అక్కర్లేదు కూడా, అమ్మ రోగం వివరాలు ఊరంతా తిరగక్కర్లేదు. ఎక్కడికి వెళ్తున్నామో ఎందుకు వెళ్తున్నామో తెలిసేంత చాలు.

ఆ రాత్రి మళ్ళీ కూర్చుని లెక్క వేసి, మర్నాడు ఆయనకి ఈ మెసేజ్ పెట్టాను, ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నా, ఎవరికైనా పనికొస్తుందేమో.

"మాస్టారూ నమస్కారం. నిన్న మీరు చెప్పిన నెలగంట సంగతి నేను ఆలోచించలేదు, తప్పు నాదే. మళ్ళీ లెక్క వేశాను. నవంబర్ అద్దె మెయింటెనెన్స్ మామూలుగానే కట్టాను. 30 వ తారీఖు సాయంత్రం తాళాలు మీ చేతికిస్తాను. డిసెంబర్ ఒకటి నుంచి కొత్తవాళ్ళు దిగేదాకా ఇల్లు ఎన్ని రోజులు ఖాళీగా ఉంటే అన్ని రోజుల అద్దె, మెయింటెనెన్స్ నాదే. వెంటనే ఎవరైనా వచ్చినా సరే కనీసం ఒక నెల అద్దె 10,000 మీకు ఇస్తాను, మీకు కలిగే ఇబ్బందికి. ఎంత ఆలస్యమైనా అద్దె మాత్రం 25,000 దాటకుండా చూడమని మనవి, అంటే ఫిబ్రవరి సగం దాకా, అప్పటికి మాఘం వచ్చేస్తుంది. అగ్రిమెంటులో ఉన్న పెయింటు డబ్బు 6,000 అడ్వాన్సులో పట్టుకోండి. కొత్తవాళ్ళని నేనూ వెతుకుతాను, బ్రోకరు అవసరం రాకుండా చూస్తాను, వస్తే సగం నాది. ఇందులో ఏదైనా మీకు నష్టంగా అనిపిస్తే చెప్పండి, మారుద్దాం."

ఇందులో కొన్ని ఎందుకు అలా పెట్టానో చెప్పాలి. కనీసం ఒక నెల అన్నది ఎందుకంటే మర్నాడే ఎవరో దిగిపోతే పెనాల్టీ సున్నా అవుతుంది, అప్పుడు లాక్-ఇన్ అనే మాటకి అర్థమే లేదు, నేను సంతకం పెట్టిన దానికి కొంత విలువ ఉండాలి కదా. పైన 25,000 అని గీత ఎందుకంటే అది లేకపోతే ఇల్లు ఇవ్వడానికి ఆయనకి తొందర ఉండదు, ఖాళీగా ఉన్నా అద్దె వస్తూనే ఉంటుంది. క్లాజు ప్రకారం 50,000, నేను ఒప్పుకున్న గరిష్ఠం అందులో సగం. ఇది ఆయన్ని తక్కువ చేయడం కాదు, మాఘం వచ్చాక కూడా ఆ ఇల్లు ఖాళీగా ఉంటే దానికి కారణం నేను కాదు.

పెయింటు, బ్రోకరు విషయంలో చాలామంది పొరపడతారు. ఇవి రెండూ నేను ఏప్రిల్‌లో వెళ్ళినా తప్పవు. ముందు వెళ్ళడం వల్ల అవి అయిదు నెలలు ముందుకి జరిగాయి అంతే, కొత్తగా పుట్టలేదు. కాబట్టి పెనాల్టీ ఒకటి, పైన మళ్ళీ పెయింటుకి డబుల్, బ్రోకరుకి ఒక నెల, శుభ్రం చేయించడానికి ఇంత అని ఒక్కొక్కటీ పేర్చుకుంటూ పోతే ఒకే నష్టాన్ని నాలుగు పేర్లతో వసూలు చేసినట్టు. మాస్టారు అలా అడగలేదు, వాళ్ళబ్బాయి అడిగాడు, ఫోన్‌లో. పెయింటు ఎలాగూ అగ్రిమెంటులో ఉంది కాబట్టి పూర్తిగా ఇస్తున్నాను, ఆరు నెలలే ఉన్నాం కదా సగమే ఇస్తాననడం లేదు అన్నాను, ఆ తర్వాత ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మాస్టారు రెండ్రోజులు ఏం చెప్పలేదు. ఆ రెండ్రోజులూ నేను మళ్ళీ మెసేజ్ పెట్టలేదు. మూడోరోజు "సరే బాబూ, అమ్మని సూసుకో ముందు" అని వాయిస్ మెసేజ్ వచ్చింది. మా ఆవిడ దాన్ని రెండుసార్లు పెట్టుకుని వింది. నేను మాత్రం, సిగ్గులేకుండానే, "మాస్టారూ దీన్ని ఒక కాగితం మీద రాసుకుందాం" అన్నాను. పాత అగ్రిమెంటు వెనక పేజీలోనే చేత్తో అయిదు లైన్లు రాసి ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం. మాస్టారి మీద అపనమ్మకం కాదు. ఆయనకి ఏమైనా అయితే తర్వాత మాట్లాడాల్సింది వాళ్ళబ్బాయితో, ఆ అబ్బాయికి మన మొహం కూడా తెలీదు.

నవంబర్ ముప్పైన తాళాలు ఇచ్చాం. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు, సామాను తర్వాత తీసుకెళ్తాం అని ఒక బీరువా, రెండు అట్టపెట్టెలు వదిలేసి తాళం ఒకటి తమ దగ్గరే ఉంచుకుంటారు. అలా చేస్తే ఖాళీ చేసినట్టు కాదు, ఓనరు ఇంకొకరికి చూపించలేడు, అద్దె నడుస్తూనే ఉంటుంది, తర్వాత నేను ఫలానా తారీఖునే వెళ్ళిపోయాను అంటే ఎవరూ నమ్మరు. మేం అన్నీ తీసేసి, కరెంటు మీటరు రీడింగ్ ఫోటో, ఖాళీ గదుల ఫోటోలు తీసి, మూడు తాళంచెవులు ముట్టాయి అని ఆయన చేత మెసేజ్ పెట్టించుకున్నాం. మా అమ్మాయి గోడ మీద గీసిన చేప బొమ్మ కూడా ఆ ఫోటోల్లో ఉంది. పెయింటులో పోతుంది లే అన్నారు అమ్మగారు.

ఇంతవరకూ సాఫీగానే నడిచింది. అసలు పేచీ డిసెంబర్ ఎనిమిదిన వచ్చింది.

నేను వెతుకుతానన్నాను కాబట్టి తెలిసినవాళ్ళందరికీ చెప్పి పెట్టాను. మొదట వచ్చినవాళ్ళకి మెట్లు ఎక్కడం కష్టమై వద్దన్నారు. రెండోసారి ఇద్దరు కుర్రాళ్ళు దొరికారు, ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, అద్దె అదే ఇస్తామన్నారు, అడ్వాన్స్ కూడా అంతే, వాళ్ళకి నెలగంట పట్టింపు లేదు, పదో తారీఖునే దిగిపోతామన్నారు. నేను ఎగిరి గంతేశాను, ఎందుకంటే వాళ్ళు దిగితే నాకు పడేది కనీసం అనుకున్న 10,000 తోనే సరి. మాస్టారు వద్దన్నారు. బ్యాచిలర్స్‌కి ఇస్తే కింద ఫ్లాట్ వాళ్ళు గొడవ చేస్తారు, ఫ్యామిలీకే ఇస్తాను అన్నారు.

ఎవరికి ఇవ్వాలో ఆయన ఇష్టం, ఆయన ఇల్లు. కానీ ఆయన వద్దన్న రోజులకి అద్దె నేను కట్టాలా? దీని గురించి మేం కాగితంలో ఏమీ రాసుకోలేదు, అది నా తెలివితక్కువతనం. నా వాదన ఏంటంటే, అద్దె ఇవ్వగలిగినవాళ్ళు, పద్ధతైనవాళ్ళు, వెంటనే దిగడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు వచ్చాక కూడా వద్దంటే ఆ తర్వాత ఖాళీ ఆయన ఎంచుకున్న ఖాళీ. ఆయన వాదన, నేను ఇల్లు ఇచ్చింది ఫ్యామిలీకి, నువ్వు తెచ్చేది కూడా అలాంటివాళ్ళనే అయ్యుండాలి కదా, నీ బదులు వచ్చేవాళ్ళు నీలాంటివాళ్ళు కావద్దా? అందులోనూ న్యాయం ఉంది, ఒప్పుకోవాలి. నేను ఎవరిని పడితే వాళ్ళని తెచ్చి నిలబెట్టి నా బాధ్యత తీరిపోయింది అంటే అదీ ఒక మోసమే. అయినా మా అగ్రిమెంటులో ఫ్యామిలీకి మాత్రమే అని ఎక్కడా లేదు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ రూల్లోనూ లేదు, నేను అడిగి కనుక్కున్నాను. ఉంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు.

ఫోన్‌లో రెండుసార్లు మాటా మాటా వచ్చింది. నేను సోంపేటలో డయాలసిస్ వార్డు బయట బెంచీ మీద కూర్చుని, లోపల అమ్మకి బీపీ పడిపోయిందని సిస్టర్ పిలిచేదాకా ఆయనతో అద్దె డబ్బుల గురించి వాదిస్తున్నాను, ఆ తర్వాత నా మీద నాకే చిరాకేసింది. ఆ విషయం అక్కడితో వదిలేశాం, ఇద్దరం.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక ఫ్యామిలీ దిగింది, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. అద్దె ఒకటో తారీఖు నుంచే కట్టారు, బ్రోకరు లేకుండా మా పక్క ఫ్లాట్ ఆవిడ చెప్తే వచ్చారు. అంటే డిసెంబర్, జనవరి సరిగ్గా రెండు నెలలు ఖాళీ, 20,000. కుర్రాళ్ళకి ఇచ్చి ఉంటే 10,000. ఆదివారం నేను విజయనగరం వెళ్ళి మాస్టారి ముందు కూర్చుని, మీరన్నదీ నిజమే నేనన్నదీ నిజమే, ఆ మధ్యలో ఉన్న పదివేలు చెరి సగం వేసుకుందాం అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నేనూ అదే అందామనుకున్నాను, నువ్వు ముందనేసావు" అన్నారు. నిజంగా అనుకున్నారో లేదో నాకు తెలీదు, నమ్మాను.

చివరికి లెక్క ఇలా తేలింది. అడ్వాన్స్ 30,000 లో అద్దె కింద 15,000, రెండు నెలల మెయింటెనెన్స్ 2,000, పెయింటు 6,000, నవంబర్ ఆఖరి కరెంటు బిల్లు 640 పోగా నా చేతికి 6,360 వచ్చింది. ఆయన ఫోన్‌పే చేస్తూ 6,400 కొట్టారు, ఆ నలభై ఎందుకండీ అంటే పాపకి చాక్లెట్టుకి అన్నారు. ఇంకేమీ బాకీ లేదు అని పాత అగ్రిమెంటు మీదే రాసి ఇచ్చారు.

మధ్యలో తెలిసింది, కొత్తవాళ్ళకి అద్దె 10,500 చెప్పారట. మా బావమరిది అయితే ఆ పెరిగిన అయిదొందలు ఏప్రిల్ దాకా మూడు నెలలు లెక్కేసి 1,500 నీకు తగ్గించాలి బావా, నీ వల్లే కదా ఆయనకి లాభం అన్నాడు. లెక్క ప్రకారం వాడు చెప్పింది తప్పు కాదు, అదే అద్దె తగ్గి 9,500 కి ఇవ్వాల్సొస్తే ఆ తేడా నన్ను అడగడం ఆయనకి న్యాయమే అయ్యేది కాబట్టి. నేను మాత్రం అడగలేదు. మాట్లాడి ముగించిన విషయాన్ని మళ్ళీ తవ్వే ఓపిక నాకు లేదు, మంగళవారం మళ్ళీ సోంపేట వెళ్ళాలి.

వచ్చేటప్పుడు మాస్టారు కొత్త అగ్రిమెంటు చూపించారు. లాక్-ఇన్ క్లాజు మార్చారు, మధ్యలో వెళ్తే ఖాళీగా ఉన్నన్నాళ్ళ అద్దె, కనీసం ఒక నెల, గరిష్ఠం మూడు నెలలు అని. గరిష్ఠం రెండున్నరే ఉండాలి కదా మాస్టారూ అంటే, "ఆషాఢానికి ముందు వెళ్తే ఏటి సేస్తాను బాబూ" అన్నారు. కింద ఇంకో లైను కొత్తగా చేర్చారు, అద్దెకున్నవాళ్ళు తమ బదులు ఫ్యామిలీనే తీసుకురావాలి అని.